రెండు అంచుల బిళ్ళ

పిల్లలు డబ్బులు మింగడం మాకు కొత్త కాదు. అరవైల్లో నెల్లూరులో ఒక పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని నాది. నెల తిరిగేసరికి ఒకరిద్దరన్నా వచ్చేవాళ్ళు. అమ్మ ఏడుస్తా, నాన్న అమ్మను తిడతా వచ్చేవాళ్ళు. మింగినవాడు మాత్రం చంకలో కులాసాగా కూర్చుని మిషన్ వంక నోరు తెరుచుకుని చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో అంతమంది ఉండి ఏం చేస్తున్నారని కసిరేవాణ్ణి. కసిరినాక నా తాళాల గుత్తి వాడి చేతికిచ్చి, ఆ గలగలలకు వాడు కదలకుండా ఉన్న క్షణంలో ఫిలిం తీసేసేవాణ్ణి. నా కోపం అంత మాత్రందే. ఆసుపత్రిలో అందరికీ తెలుసు, ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు.

మా గొంతు డాక్టరుగారు మెతక మనిషి. మద్రాసులో చదివి వచ్చినా మాటలో ఎక్కడా ఆ పొగరు లేదు. తడి ఆరని ఫిలింని అట్లాగే చట్రంతో వెలుగు పెట్టె మీద పెట్టి, నీళ్ళు చొక్కా మీద కారుతున్నా పట్టించుకోకుండా చూసేవాడు. "ఏందది, ఎక్కడుంది? ఈ రెండూ చెప్పు నాకు. ఎంత తొందరపడాల్నో అదే చెప్తుంది" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. కొత్తగా చేరిన నర్సులకు చెప్పేవాడు, పిల్లల తండ్రులకు చెప్పేవాడు, ఎవరూ లేకపోతే నాకే చెప్పేవాడు.

బిళ్ళ కడుపులోకి దిగిపోయి ఉంటే ఆయన నవ్వి పంపించేసేవాడు. గూడూరులో నిమ్మకాయల మండీ నడిపే ఒకాయన కొడుకు అయిదు పైసల బిళ్ళ మింగి వచ్చినాడు. ఫిలింలో నాలుగు మూలలూ చక్కగా కనపడినాయి, పొట్టలో ఉంది. "పిల్లోణ్ణి ఇంటికి తీసకపోయి మామూలుగా అన్నం పెట్టండి. దొడ్డికి పోయినప్పుడల్లా కర్రతో కెలికి చూసుకోండి" అన్నాడు డాక్టరుగారు. ఆ తండ్రికి నచ్చలేదు. అంత దూరం వచ్చింది దీనికా అన్నట్టు ముఖం పెట్టినాడు. వారం లోపలే బిళ్ళ బయటికి వచ్చిందని చెప్పి, ఒక సంచి నిమ్మకాయలు తెచ్చి నా బల్ల కింద పెట్టిపోయినాడు.

గొంతులో ఇరుక్కుంటే అది వేరే కథ. అన్నం దిగే గొట్టం మొదట్లో, మెడ కింద ఎముకల దగ్గర, ఒక ఇరుకు చోటు ఉంటుంది. పిల్లలకు బిళ్ళ ఎక్కువగా అక్కడే ఆగిపోతుంది. ఎదురుగా తీసిన ఫిలింలో పళ్ళెం మాదిరి గుండ్రంగా, పక్కనుంచి తీసినదాంట్లో సన్నగా గీత మాదిరి కనపడితే అన్నం గొట్టంలో ఉన్నట్టు. గాలి గొట్టంలోకి పోయి ఉంటే సాధారణంగా తారుమారై, ఎదురుగా గీత మాదిరి, పక్కనుంచి గుండ్రంగా కనపడుతుంది, పిల్ల కూడా ఊపిరాడక కొట్టుకుంటుంది. అన్నం గొట్టంలో ఉండి, పిల్ల ఊపిరి బాగా తీసుకుంటా ఉంటే, డబ్బు బిళ్ళైతే ఒక పూట ఆగొచ్చు. ఒక్కోసారి అదే జారిపోతుంది. జారకపోతే మత్తిచ్చి, లోపలికి గొట్టం దించి, పటకారుతో తీస్తారు. తెరుచుకున్న పిన్నీసైతే ఎక్కడున్నా ఆగేది లేదు. మనుబోలు నుంచి వచ్చిన ఒక పిల్లకు అట్లాంటి పిన్నీసు తియ్యడానికి ఆయన అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తుకుంటా వచ్చినాడు.

డాక్టరుగారికీ నాకూ ఒక సరదా ఉండేది. ఫిలిం చూసి అది ఏ బిళ్ళో చెప్పడం. కొత్త పైసలు వచ్చినాక ఆ ఆట సులువైపోయింది. అయిదు పైసలకు మూలలుంటాయి. రెండు పైసలకూ పది పైసలకూ అంచు పూరేకుల మాదిరి ఉంటుంది. చిన్నగా, నున్నగా, గుండ్రంగా ఉంటే ఒక పైసా. మేము ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అందుకే మాకు అంత ధీమా. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధీమా మీదే నాకు కోపం వస్తుంది.

ఆ ఏడు ఎండలు ముదరకముందు, ఒక సాయంత్రం, పులికాట్ సరస్సు పక్క ఊరినుంచి ఒక పిల్లను తీసుకొచ్చినారు. రెండేళ్ళు నిండిన ఆడపిల్ల. చేపలు పట్టుకుని బతికే వాళ్ళు. తండ్రి వేటకు పోయి ఉంటే అమ్మా నాయనమ్మా తీసుకుని బయలుదేరినారు. పడవలో ఇవతలికి దాటి, సూళ్ళూరుపేటలో రైలెక్కి, నెల్లూరు చేరేసరికి పొద్దు వాలింది. పిల్ల ఊపిరి బాగానే తీసుకుంటా ఉంది, కానీ నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారతా ఉంది. నాయనమ్మ తన పైట చెంగుతో అది తుడిచీ తుడిచీ, ఆ చెంగు తడిసి ముద్దయిపోయింది.

"ఏం మింగిందవ్వా?" అని అడిగినా.

"ముడుపు బిళ్ళలు అబ్బయ్యా" అన్నది నాయనమ్మ.

పిల్ల పుట్టినప్పుడు జబ్బు చేస్తే, వాళ్ళ అమ్మవారికి మొక్కుకుని, పసుపు గుడ్డలో రెండు ఒక పైసా బిళ్ళలు కట్టి దూలానికి వేలాడదీసినారంట. ఆ ముందు రోజు గుడ్డ చివికి మూట కింద పడితే, మళ్ళా కడదామని చాప మీద పెట్టినారు. పొద్దున చూస్తే గుడ్డ ఉంది, బిళ్ళలు లేవు. పిల్ల గొంతు పట్టుకుని ఏడస్తా ఉంది. ఇంక అనుమానం ఎవరికి వస్తుంది?

వాళ్ళు చేసిన మొదటి పని అన్నం ముద్దలు పెట్టడం. నవ్వొద్దు. చేప తినే ఇళ్ళల్లో గొంతులో ముల్లు గుచ్చుకుంటే అందరూ చేసేది అదే. గట్టి ముద్ద నమలకుండా మింగితే ముల్లు దానితో పాటు పోతుంది. మా ఇంట్లో మా అమ్మ కూడా చేసేది. నాయనమ్మ పిల్లను ఒళ్ళో వేసుకుని ముద్ద మీద ముద్ద పెట్టింది. సగం దిగింది, సగం కక్కింది. రైలు దిగినాక కూడా, పొద్దుటినుంచి నీరసించి ఉందని, బండి స్టాండు దగ్గర అరటిపండు గుజ్జు చేసి పెట్టింది.

ఫిలింలు తీసినా. ఎదురుగా తీసినదాంట్లో మెడ కింద ఎముకల మట్టానికి గుండ్రటి తెల్ల బిళ్ళ. ఒక పైసా అంతే ఉంది. కాకపోతే అంచు లోపల ఇంకో గీత, రెండో అంచు మాదిరి, గుండ్రంగా తిరిగి ఉంది. పక్కనుంచి తీసినదాంట్లో మామూలు బిళ్ళకంటే మందంగా ఉంది, ఒక వైపు చిన్న మెట్టు దిగినట్టుంది.

డాక్టరుగారు చాలాసేపు చూసినాడు. "రెండు బిళ్ళలు కదా మింగింది. ఒకదాని మీద ఒకటి అంటుకున్నాయి. అందుకే రెండంచులు, అందుకే మందం" అన్నాడు. అంతకంటే సరిపోయే మాట ఏముంది? అమ్మ చెప్పింది, నాయనమ్మ చెప్పింది, గుడ్డ ఖాళీగా ఉంది, ఫిలిం కూడా అదే చెప్పినట్టుంది. నాకూ అట్లాగే కనపడింది. సరిసమానమైన రెండు బిళ్ళలు పక్కకు జరిగి అంటుకుంటే రెండో అంచు ఒక వైపే బయటపడాలి, చుట్టూతా ఒకే ఎడంలో రాదు. ఆ ఆలోచన ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. మేము అంతవరకు చూసినవన్నీ డబ్బులే. డబ్బు కానిది డబ్బంత ఉంటుందని మాకెట్లా తెలుస్తుంది?

డాక్టరుగారు లేచి, "ఆపరేషన్ గదిలో అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. కడుపు ఖాళీగా ఉంటే ఇప్పుడే తీసేస్తా" అని నాకు మాత్రం వినపడేట్టు అని, తలుపు దగ్గరున్న నాయనమ్మను "పిల్ల కడుపు ఖాళీగా ఉందా?" అని అడిగినాడు.

"అయ్యో, ఖాళీ ఎందుకుంచుతా సామీ. ఇప్పుడే పండు పెట్టినా" అన్నది నాయనమ్మ. పిల్లను పస్తు పెట్టలేదని ఆయన మెచ్చుకుంటాడనుకుంది పాపం.

ఆయన మళ్ళా కూర్చున్నాడు. నిండు కడుపు మీద మత్తిస్తే పిల్ల కక్కుతుంది. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతే బిళ్ళ తీసినా పిల్ల దక్కదు. అట్లా పోయిన పిల్లల్ని ఆయన మద్రాసులో చూసినాడు. "డబ్బులే కదా. పొద్దున్నే తీస్తా. ఇంక నోట్లో ఏమీ పెట్టొద్దు, చుక్క నీళ్ళు కూడా వద్దు" అని చెప్పినాడు. లోపలున్నది డబ్బులే అయ్యుంటే అంతకంటే మంచి నిర్ణయం లేదు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెప్తాను.

పొద్దున బిళ్ళ దిగిందేమో చూద్దామని ఇంకో ఫిలిం తీయించినాడు. అక్కడే ఉంది. పిల్లకు ఒళ్ళు వెచ్చబడింది. లోపలికి తీసుకుపోయినారు. నేను తలుపు బయట నిలబడి ఉన్నా. చాలాసేపటికి ఆయన ఒక స్టీలు గిన్నె పట్టుకుని వచ్చినాడు. దాంట్లో నల్లటి జిగురులో ఒక చిన్న డబ్బీ లాంటిది ఉంది. నీళ్ళు పోసి కడిగినాడు. ఒక వైపు వెడల్పు, ఒక వైపు ఇరుకు, మధ్యలో మెట్టు. వెడల్పు వైపు కూడిక గుర్తు చెక్కి ఉంది.

"ఇది డబ్బు కాదు" అన్నాడు. "లోపల గోడ నల్లగా మాడిపోయింది. పటకారు తగిలితే ఊడొస్తా ఉంది."

అమ్మను పిలిచి గిన్నె చూపించినాం. ఆమె కాసేపు చూసి, "ఇది కెమెరా దొరలది" అన్నది. కొంగల్ని ఫొటోలు తీయడానికి మద్రాసునుంచి ఇద్దరు పెద్దమనుషులు వాళ్ళ ఊరి దగ్గర దిగి, వాళ్ళ పడవ బాడుగకు తీసుకున్నారంట. పోయే రోజు ఒకాయన కెమెరా అడుగున మూత తిప్పి, దీన్ని తీసి పారేసి కొత్తది వేసుకున్నాడు. పిల్ల ఏరుకుని ఆడుకుంటా ఉంటే, మెరుస్తా ముద్దుగా ఉంది కదా అని ఎవరూ లాక్కోలేదు. వాళ్ళ ఇంట్లో అది ఏందో తెలిసినవాళ్ళు లేరు. మాకు మాత్రం తెలుసా? కెమెరాలో వెలుగు కొలవడానికి అంత చిన్న బ్యాటరీ పెడతారని నేను ఆ రోజే విన్నా. ముడుపు బిళ్ళలు రెండూ తర్వాత చాప అల్లిక సందులో దొరికినాయంట.

పిల్ల బతికింది. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోసినారు, రోజూ సూదులు వేసినారు, జ్వరం తగ్గింది. అందరం తెరిపిన పడ్డాం అనుకున్నాం. నెల తిరిగేసరికి తల్లి మళ్ళా ఎత్తుకొచ్చింది. పిల్ల పాలు కూడా కక్కేస్తా ఉంది. తెల్లటి మందు తాగించి ఫిలిం తీస్తే, గొంతులో ఆ బిళ్ళ ఉన్న చోట దారి దారం మాదిరి సన్నబడి ఉంది. కాలిన చోట మచ్చ కట్టి, మచ్చ బిగుసుకుపోయింది. అప్పటినుంచి మొదలైంది ఆ పిల్ల తిరుగుడు. మూడు వారాలకోసారి, నెలకోసారి రావాలి. మత్తిచ్చి, సన్నది మొదలు లావు దాకా ఒక్కో గొట్టం దించి దారి సాగదీయాలి. సాగదీసిన కొన్నాళ్ళు గంజి, రాగిజావ దిగేవి, మళ్ళా మూసుకుపోయేది. పట్టిన చేప పొయ్యి మీదికి ఎక్కని రోజు లేని ఇంట్లో పుట్టి, ఆ పిల్ల చేప ముక్క ఎరగదు.

డాక్టరుగారికి నిద్ర పట్టేది కాదు. గొంతులో ఆగినందుకు అయిన పుండు కాదది, ఏదో కాల్చింది అనేవాడు. మద్రాసునుంచి అట్లాంటి బ్యాటరీ ఒకటి తెప్పించినాడు. ఒక మధ్యాహ్నం నా గదిలో, మాంసం దుకాణంనుంచి తెచ్చిన మేక గొంతు ముక్కలు రెండింటిని ఉప్పునీళ్ళలో తడిపి, ఒకదాంట్లో పైసా బిళ్ళ, ఒకదాంట్లో బ్యాటరీ పెట్టినాడు. నేను ఫిలింలు కడుక్కుని వచ్చేసరికి బ్యాటరీ పెట్టిన ముక్క ఇరుకు వైపు తగిలిన చోట గోధుమ రంగు తిరిగి, నురగ కక్కతా ఉంది. ఇంకాసేపటికి నల్లబడింది. పైసా బిళ్ళ కింద మాంసం ఎట్లున్నది అట్లాగే ఉంది. ఆయన ఆ నురగ మీద ఎర్ర లిట్మస్ కాగితం పెడితే నీలం తిరిగింది.

"తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుందే, ఆ జాతిది" అన్నాడు. "బయటినుంచి రాలేదు. తడి తగిలినాక కరెంటు పారి, అక్కడికక్కడే ఆ మంట తయారవుతా ఉంది. పారేసిన బ్యాటరీలో కూడా ఆ మాత్రం కరెంటు మిగిలే ఉంటుంది. డబ్బు ఊరికే కూర్చుంటుంది. ఇది కూర్చున్న ప్రతి గంటా కాలుస్తుంది. గొంతులో అయితే ఒక్క పూట కూడా ఆగకూడదు."

 ఆయన చేతులు కడుక్కోకుండా అట్లాగే కూర్చున్నాడు. ఆ పిల్ల పొద్దున మింగింది, సాయంత్రం మా దగ్గరికి వచ్చింది. అప్పటికే కొంత కాలి ఉంటుంది. రాత్రంతా మేము ఇంకొంత కాలనిచ్చినాం. తెలిసి చేసింది కాదు. అయినా ఆ బాధ తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. ఆ తర్వాత గుండ్రంగా కనపడిన ప్రతిదానికీ లోపల రెండో గీత ఉందా, పక్కనుంచి మెట్టు ఉందా అని ఇద్దరం వెతికేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత డాక్టర్లు పుస్తకాల్లో రాసుకున్నది, మేము అట్లా ఒక పిల్ల గొంతు పోగొట్టి తెలుసుకున్నాం.

నాయనమ్మ సంగతి నాకు అప్పటికి తెలియదు. ప్రతిసారీ కోడలితో పాటు వచ్చేది, పిల్లను ఎత్తుకునేది, ఆడించేది. జావ గ్లాసు మాత్రం ముట్టుకునేది కాదు. పిల్ల "అవ్వా, నువ్వు పెట్టు" అని చేతులు చాపితే లేచి వరండాలోకి పోయేది. ముసలితనపు చాదస్తం అనుకుని, "మనవరాలికి గ్లాసు పట్టడం కూడా బరువైందా నీకు" అని ఒకసారి విసుక్కున్నా కూడా. 

ఏడాది పైన గడిచినాక, ఒకరోజు కోడలు ఒంటరిగా డాక్టరుగారి దగ్గరికి వచ్చి నిలబడింది. నేను ఫిలింలు ఇస్తా అక్కడే ఉన్నా.

"సార్, ఒక మాట నిజం చెప్పండి. ఆ రోజు రాగానే తీసుంటే నా బిడ్డ అన్నం తినుండేదా?"

ఆయన తల దించుకున్నాడు. "కొంత మచ్చ పడుండేదమ్మా. ఇంత కాదు. మెత్తటి అన్నం తినుండేది."

"రాగానే తీయంది మా అత్త పండు పెట్టినందుకేనా?"

ఆయన ఒప్పుకోలేక, కాదనలేక నేనిచ్చిన ఫిలింని అటూ ఇటూ తిప్పినాడు. ఆమెకు అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, "మా అత్తకు ఆ సంగతి మొదటినుంచీ అనుమానం సార్. ఆ రోజు మీరు కడుపు ఖాళీగా ఉందా అని అడిగి మళ్ళా కూర్చున్నారంట. అది మనసులో పెట్టుకుని కుమిలిపోతా ఉంది. తనూ సరిగ్గా తినడం మానేసింది. ఈ రోజు మిమ్మల్ని అడుగుతానని వచ్చింది. ఆమెకు మాత్రం నిజం చెప్పొద్దు" అన్నది.

డాక్టరుగారు అబద్ధం ఆడే మనిషి కాదు. చచ్చిపోతాడని తెలిసిన రోగికి కూడా నయమవుతుందని చెప్పడం ఆయనకు చేతకాదు. ఏం చేస్తాడో అని నాకు గుబులు పట్టింది. నాయనమ్మ లోపలికి వచ్చి, ఎదురుగా నేల మీద కూలబడింది.

"సామీ, నేను పండు పెట్టబట్టే నువ్వు ఆ రోజు ఆగిపోయినావా?"

"కాదవ్వా" అన్నాడు. వెంటనే అన్నాడు, తడుముకోలేదు. "నువ్వు ఏమీ పెట్టకపోయినా నేను పొద్దునదాకా ఆగేవాణ్ణే. అది ఏందో నాకు తెలియలేదు. డబ్బు అనుకున్నా. తప్పు నాది."

 ఆపరేషన్ గది సిద్ధంగా ఉందని ఆ సాయంత్రం ఆయన అనగా విన్నవాణ్ణి నేను.

ముసలామె తల ఎత్తి ఆయన ముఖం చూసింది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. చదువుకున్నోడివి, నీ చేతిలో పెడితే నా బిడ్డ గొంతు కాల్చినావు, నీకు పిల్లలు లేరా, నీ అన్నం నీకు ఎట్లా దిగుతా ఉంది అని అడిగింది. ఇంకా చాలా అన్నది, అవన్నీ ఇక్కడ రాయలేను. నేను ఆపబోతే ఆయన చేత్తో నన్ను ఆపినాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ప్రతి మాటా విన్నాడు.

ఆమె అలిసిపోయి లేచింది. వరండాలో కోడలు పిల్లకు జావ పడతా ఉంది. ముసలామె పోయి, కోడలి చేతిలోంచి గ్లాసు లాక్కుని, పిల్లను ఒళ్ళోకి తీసుకుని, చెంచా చెంచాగా తనే పట్టడం మొదలుపెట్టింది.